చీర అమ్మింది ఏ పోస్టు?

2012 మార్చిలో ఈబే ఒక చిన్న ప్రయోగం చేసింది. అమెరికాలో ఎవరైనా యాహూలోనో, మైక్రోసాఫ్ట్ వారి ఎమ్మెస్సెన్‌లోనో ‘ఈబే’ పేరు టైపు చేసి వెతికితే ఫలితాలకు పైన కనిపించే తన యాడ్‌ను ఆపేసింది. గూగుల్‌లో మాత్రం, పోల్చి చూసుకోవడానికి, అలాగే ఉంచింది. అప్పటిదాకా ఆ యాడ్ నొక్కి రోజూ ఎంతోమంది సైట్‌కు వచ్చేవారు, కొనేవారు. ఆ అమ్మకాలన్నీ యాడ్ పేరునే జమ అయ్యేవి. మరి యాడ్ తీసేస్తే ఆ జనం తగ్గాలి కదా? తగ్గలేదు. ఆగిపోయిన క్లిక్కుల్లో 99.5 శాతం, అదే పేజీలో యాడ్‌కు కాస్త కింద ఉన్న మామూలు లింకు మీదికి మళ్లాయి. ఆ లింకుకు ఈబే పైసా కట్టక్కర్లేదు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ‘ఈబే’ అని టైపు చేసే మనిషి అప్పటికే ఈబేకు బయల్దేరాడు. సినిమా హాలు ముందు టికెట్ల క్యూలో నిలబడ్డవాళ్లకే ఆ సినిమా కరపత్రాలు పంచి, అందుకున్న పదిమందిలో తొమ్మిదిమంది టికెట్ కొన్నారని నిర్మాతకు లెక్క చూపించినట్టుంది వ్యవహారం. లెక్కలో అబద్ధం లేదు. అందుకున్నారు, కొన్నారు. కరపత్రం లేకపోయినా కొనేవారన్నదొక్కటే ఆ కాగితం మీద ఉండదు.

వచ్చిన అమ్మకాన్ని ఏ యాడ్ ఖాతాలో, ఏ పోస్టు ఖాతాలో రాయాలో తేల్చే పద్ధతిని వ్యాపారంలో అట్రిబ్యూషన్ అంటారు. అందులో అందరికీ తెలిసినది లాస్ట్ క్లిక్. కొనేముందు చివరగా దేన్ని నొక్కి సైట్‌కు వచ్చారో, మొత్తం అమ్మకం దానిదే. చెప్పడం తేలిక, లెక్కగట్టడం తేలిక, యజమానికి ఒప్పజెప్పడం ఇంకా తేలిక. ఒక్కో అమ్మకం ఒక్కచోటే కనిపిస్తుంది కనుక కూడికలో తేడా రాదు. ఇన్నేళ్లు అది నిలిచిపోవడానికి కారణం ఈ సౌకర్యమే తప్ప, నిజానికి దగ్గరగా ఉండటం కాదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న షాపు. చీర ధర 3,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఉండే ఒకావిడ ఒకరోజు పొద్దున ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో కట్టుకుని చూపించిన రీల్ చూసి, లింకు నొక్కి షాపు సైట్‌కు వెళ్లింది. ఆ సాయంత్రమే షాపువాళ్ల పేజీలో మగ్గం మీద నిజాం అంచు నేస్తున్న వీడియో చూసి మళ్లీ వెళ్లింది. కొనలేదు. వారం తర్వాత ఫేస్‌బుక్ తెరిస్తే తాను చూసిన చీరే యాడ్‌గా ఎదురొచ్చింది. సైట్ చూసి వెళ్లిపోయినవాళ్ల వెంటపడే ఇలాంటి యాడ్‌ను రీటార్గెటింగ్ అంటారు. అదీ నొక్కింది, అప్పుడూ కొనలేదు. ఇంకో వారానికి జీతం పడింది. గూగుల్‌లో షాపు పేరు టైపు చేసింది, పైన కనిపించిన షాపువాళ్ల యాడ్ నొక్కింది, చీర కొనేసింది.

లాస్ట్ క్లిక్ లెక్కలో 3,000 మొత్తం గూగుల్ యాడ్‌దే. రీల్‌కు సున్నా, మగ్గం వీడియోకు సున్నా, ఫేస్‌బుక్ యాడ్‌కు సున్నా. కానీ రీల్ చూడకపోతే ఆవిడకు ఆ షాపు పేరే తెలియదు. తెలియని పేరును గూగుల్‌లో ఎలా టైపు చేస్తుంది?

ఈ అన్యాయం కళ్లకు కట్టినట్టే కనిపిస్తుంది కనుక, దాన్ని సరిదిద్దాలని రకరకాల సూత్రాలు పుట్టాయి. మొదటి క్లిక్కుకే అంతా ఇచ్చేది ఒకటి. అప్పుడు 3,000 రీల్‌కు పోతాయి, మిగతా ముగ్గురికీ సున్నా. ఇది లాస్ట్ క్లిక్‌ను తిరగేసి తొడుక్కోవడమే. సమాన వాటాల పద్ధతిలో నాలుగింటికీ తలా 750. మొదటిదానికి 40 శాతం, చివరిదానికి 40 శాతం, మధ్యలోవాటికి కలిపి 20 శాతం ఇచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది. దాని ప్రకారం రీల్‌కు 1,200, గూగుల్‌కు 1,200, మగ్గం వీడియోకూ ఫేస్‌బుక్ యాడ్‌కూ చెరో 300.

పాతబడేకొద్దీ విలువ తగ్గించే టైమ్ డికే పద్ధతి వీటిలో కాస్త తెలివైనదిగా కనిపిస్తుంది. గూగుల్ అనలిటిక్స్‌లో ఇది ఉన్న రోజుల్లో ప్రతి ఏడు రోజులకూ క్లిక్కు బరువు సగమయ్యేది. మన ఉదాహరణలో కొన్నరోజు క్లిక్కు బరువు 1. వారం కిందటి ఫేస్‌బుక్ యాడ్ బరువు సగం. రెండు వారాల కిందటి రీల్‌దీ, మగ్గం వీడియోదీ చెరో పావు. మొత్తం 2. ఆ నిష్పత్తిలో 3,000 పంచితే గూగుల్‌కు 1,500, ఫేస్‌బుక్‌కు 750, రీల్‌కూ వీడియోకూ చెరో 375.

ఒక్క చీర, ఒక్క కొనుగోలు, అవే నాలుగు క్లిక్కులు. అయినా రీల్ విలువ ఒక పద్ధతిలో సున్నా, ఒకదానిలో 375, ఒకదానిలో 750, ఒకదానిలో 1,200, ఒకదానిలో 3,000. ఏది సరైనదని అడిగితే జవాబు చెప్పగల ఆధారం ఈ నాలుగు క్లిక్కుల్లో ఎక్కడా లేదు. 40 శాతం అనే అంకె ఏ కొనుగోలుదారు మనసులోంచీ రాలేదు. ఎవరో బల్ల దగ్గర కూర్చుని సబబుగా ఉంటుందనుకుని పెట్టిన అంకె అది. 2023లో గూగుల్ తన అనలిటిక్స్‌లోంచి, యాడ్స్‌లోంచి మొదటి క్లిక్, సమాన వాటా, టైమ్ డికే, 40-20-40 పద్ధతులను నాలుగింటినీ తీసేసింది. లాస్ట్ క్లిక్‌ను మాత్రం ఉంచింది. దాని పక్కన ‘డేటా-డ్రివెన్’ అనే పద్ధతిని అసలు పద్ధతిగా నిలబెట్టింది.

పేరులో డేటా ఉంది కనుక గొడవ తీరిపోయిందనుకోవడానికి లేదు. ఈ తరహా లెక్కల వెనక ఉన్న ఆలోచన లాయిడ్ షాప్లీ అనే అమెరికన్ గణితవేత్తది. నలుగురు కలిసి సంపాదించిన దాన్ని న్యాయంగా ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు ఆయన 1953లో ఒక సూత్రం చెప్పాడు. 2012లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. సూత్రం సారాంశం ఇది: ఒక్కొక్కరు చేరినప్పుడు మొత్తం ఎంత పెరిగిందో చూడు, చేరే వరుసలన్నీ మార్చి మార్చి చూడు, వాటి సగటే వారి వాటా.

అంకెలు పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రీల్ మాత్రమే చూసిన ప్రతి వెయ్యిమందిలో 10 మంది, గూగుల్ యాడ్ మాత్రమే నొక్కిన వెయ్యిమందిలో 20 మంది, రెండూ చూసిన వెయ్యిమందిలో 40 మంది కొన్నారనుకుందాం. రీల్ ముందు వస్తే అది తెచ్చింది 10. గూగుల్ తర్వాత వస్తే 20 ను 40 చేసింది కనుక తెచ్చింది 20. సగటు 15. అదే విధంగా గూగుల్ ముందు వస్తే 20, తర్వాత వస్తే 30, సగటు 25. రెండూ కలిపితే 40 సరిపోయింది. పంపకం చక్కగా ఉంది, ఎవరూ తగువాడలేరు.

చిక్కు పంపకంలో లేదు, పంచడానికి కూర్చునే ముందు నమ్మేసిన విషయంలో ఉంది. ఏ యాడూ లేకపోతే ఒక్క చీరా అమ్ముడుపోదని ఈ లెక్క ముందే అనేసుకుంది. పక్కింటావిడ కట్టుకున్న చీర చూసి వచ్చేవాళ్లకు ఇందులో చోటు లేదు. రెండోది ఇంకా లోతైనది. గూగుల్ యాడ్ నొక్కిన వెయ్యిమందీ, నొక్కని వెయ్యిమందీ ఒకలాంటి మనుషులు కారు. షాపు పేరు టైపు చేసినవాళ్లకు చీర మీద అప్పటికే మనసుంది. వాళ్లలో ఎక్కువమంది కొంటే ఆ ఘనత యాడ్‌దా, మనసుదా? క్లిక్కుల చరిత్ర ఎంత పోగేసినా ఈ రెంటినీ విడదీయదు. ఫేస్‌బుక్‌లో అమెరికన్ కంపెనీలు నడిపిన 15 పెద్ద ప్రయోగాలను తీసుకుని, బ్రెట్ గోర్డన్, ఫ్లోరియన్ జెటిల్‌మేయర్ తదితరులు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. యాడ్ చూసినవాళ్లనూ చూడనివాళ్లనూ రకరకాల గణిత పద్ధతులతో పోల్చి వచ్చే జవాబు, ప్రయోగం ఇచ్చే అసలు జవాబుకు దగ్గరగా వస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. ఫేస్‌బుక్‌కు తన వాడకందార్ల గురించి ఎంత తెలుసో ఊహించుకోండి. అంత డేటా ఉండి కూడా ఆ లెక్కలు తరచూ గురితప్పాయి, చాలాసార్లు యాడ్ ప్రభావాన్ని ఎక్కువ చేసి చూపాయి.

అంటే అట్రిబ్యూషన్ పద్ధతులన్నీ అడిగే ప్రశ్న ఒకటే: ‘వచ్చిన డబ్బును దారిలో కనిపించినవాళ్లకు ఎలా పంచాలి?’ షాపు యజమానికి కావలసిన ప్రశ్న మాత్రం వేరు: ‘ఈ యాడ్ ఆపేస్తే ఎన్ని చీరలు తక్కువ అమ్ముడుపోతాయి?’ మొదటిదానికి ఎంత అందమైన జవాబు దొరికినా అది రెండోదానికి జవాబు కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో మళ్లీ ఈబేలోనే తెలిసింది. సొంత పేరు మీది యాడ్ల సంగతి తేలాక, థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అసలైన ఖర్చు వైపు చూశారు. ‘గిటార్’, ‘సెల్‌ఫోన్’ లాంటి మామూలు మాటలు వెతికినప్పుడు గూగుల్‌లో వచ్చే ఈబే యాడ్లవి. అమెరికాను టీవీ ప్రసారాల లెక్కన 210 మార్కెట్లుగా విడగొడతారు. వాటిలో సుమారు 30 శాతం ప్రాంతాల్లో ఈ యాడ్లను దాదాపు రెండు నెలలు ఆపేసి, మిగతాచోట్ల కొనసాగించి, రెండుచోట్లా అమ్మకాలు పోల్చారు. ఉన్నచోటికీ లేనిచోటికీ కనిపించిన తేడా ఒక శాతం లోపే. అది యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గుల్లో కలిసిపోయేంత చిన్నది.

వాళ్ల పత్రం 2015లో ఎకనామెట్రికా అనే పత్రికలో వచ్చింది. ప్రయోగం లేకుండా, యాడ్ ఖర్చుకూ అమ్మకాలకూ సంబంధం చూసే మామూలు లెక్క వేస్తే పెట్టుబడి మీద లాభం 1,400 శాతానికి పైనే. ప్రయోగం చెప్పిన అంకె మైనస్ 63 శాతం. అంటే వంద రూపాయలు పెడితే వెనక్కి వచ్చింది 37. ఒకే కంపెనీ, అవే యాడ్లు.

ఆ పత్రంలో ఇంకొక విషయముంది, దాన్ని చాలామంది వదిలేసి ‘యాడ్లు దండగ’ అని తేల్చేస్తారు. యాడ్లు పనిచేయలేదన్నది అందరి విషయంలోనూ నిజం కాదు. అంతకుముందు ఏడాదిగా ఈబేలో ఏమీ కొననివాళ్లు, కొత్తవాళ్లు యాడ్ ఉన్నచోట కాస్త ఎక్కువగా కొన్నారు. తరచూ కొనేవాళ్ల మీద ప్రభావం కనిపించలేదు. డబ్బు మాత్రం ఎక్కువగా ఆ తరచూ కొనేవాళ్ల క్లిక్కులకే పోయింది, ఎందుకంటే ఎక్కువగా నొక్కేదీ ఎక్కువగా కొనేదీ వాళ్లే. లాస్ట్ క్లిక్ పట్టికలో వాళ్లే అద్భుతమైన ఫలితాలుగా కనిపిస్తారు.

ఈబే లాంటి పేరున్న కంపెనీకి చెల్లినది అందరికీ చెల్లదు కూడా. మీ షాపు పేరు వెతికినప్పుడు పైన పోటీ షాపు యాడ్ ఉంటే పరిస్థితి మారిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌లో వేల కంపెనీల మీద ఆండ్రీ సిమనోవ్, నోస్కో, జస్టిన్ రావు చేసిన ప్రయోగాల్లో తేలింది అదే. పోటీవాడి యాడ్ లేనప్పుడు సొంత పేరు మీది యాడ్ తెచ్చేది స్వల్పం. పోటీవాళ్లు కాచుకుని ఉన్నప్పుడు, యాడ్ తీసేస్తే జనంలో కొంత భాగం అటు పోతుంది.

లాస్ట్ క్లిక్‌ను ఏళ్ల తరబడి నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి అడిడాస్ కథ పనికొస్తుంది. 2019లో ఆ కంపెనీ గ్లోబల్ మీడియా డైరెక్టర్ సైమన్ పీల్ లండన్‌లో ఒక సమావేశంలో ఈ సంగతులు బహిరంగంగా ఒప్పుకున్నాడు. వాళ్ల బడ్జెట్‌లో 77 శాతం వెంటనే అమ్మకాలు చూపించే డిజిటల్ యాడ్లకు, 23 శాతం బ్రాండ్ పేరు పెంచే ప్రచారానికి పోయేది. ఎందుకంటే లాస్ట్ క్లిక్ లెక్కలో మొదటి రకమే లాభం చూపేది. తర్వాత అన్ని అమ్మకాలనూ, అన్ని ఖర్చులనూ కలిపి గణాంకాలు కట్టి చూస్తే, దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మకాల్లో 65 శాతం కదలడానికి కారణం బ్రాండ్ ప్రచారమని తేలింది. మధ్యలో లాటిన్ అమెరికాలో గూగుల్ యాడ్స్‌తో ఏదో సాంకేతిక ఇబ్బంది వచ్చి వాళ్ల సెర్చ్ యాడ్లు ఆగిపోయాయట. సైట్‌కు వచ్చే జనమూ తగ్గలేదు, అమ్మకాలూ తగ్గలేదు. ఈబే కావాలని చేసిన ప్రయోగం అక్కడ దానంతటదే జరిగిపోయిందన్నమాట.

ఇక్కడ జరిగేది ఒక్క తప్పు లెక్క కాదు, నెలనెలా పెరిగే తప్పు. లాస్ట్ క్లిక్ పట్టిక చూసి మన చీరల షాపు యజమాని ఈ నెల రీల్స్‌కు ఇచ్చే డబ్బు కోసి గూగుల్‌లో పెడతాడు. వచ్చే నెల గూగుల్ అంకె బాగానే ఉంటుంది, ఎందుకంటే పాత రీల్స్ చూసినవాళ్లు ఇంకా పేరు వెతుకుతూనే ఉంటారు. మరికొంత కోస్తాడు. నాలుగైదు నెలలకు షాపు పేరు వెతికేవాళ్లే తగ్గిపోతారు. అప్పుడు కూడా పట్టికలో గూగుల్ యాడ్ మీద రాబడి శాతం నిక్షేపంగా ఉంటుంది. వెతికిన కొద్దిమందీ కొంటారు కదా. అందుకే ఈ జబ్బును రాబడి శాతంలో వెతక్కూడదు. ‘సెర్చ్ కన్సోల్’ అనే ఉచిత పరికరంలో, షాపు పేరు వెతికినప్పుడు సైట్ నెలకు ఎన్నిసార్లు గూగుల్ ఫలితాల్లో వచ్చిందో కనిపిస్తుంది. ఆ అంకె జారుతూ, కొత్త కొనుగోలుదార్ల వాటా పడిపోతూ, రాబడి శాతం మాత్రం పచ్చగా ఉంటే రోగం ముదురుతున్నట్టే.

ఇంకో గుర్తు ఉంది. మెటా తన పట్టికలో, యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు లేదా ఊరికే చూసిన ఒక రోజులోపు జరిగిన కొనుగోలును సాధారణంగా తనదిగా రాసుకుంటుంది. అదే కొనుగోలును గూగుల్ తన పట్టికలో తనదిగా రాసుకుంటుంది. రీల్ చేసిన అమ్మాయి ఇచ్చిన కూపన్ కోడ్ వాడితే ఆమె లెక్కలోనూ అది ఉంటుంది. మూడు పట్టికలూ కూడితే 150 చీరలు, పార్సిల్ వెళ్లినవి 100. కూపన్ కోడ్ నమ్మకమైన సాక్షి అనుకుంటే అదీ కాదు. డబ్బు కట్టే పేజీలో ‘కూపన్ కోడ్’ అనే ఖాళీ గడి చూడగానే చాలామంది ఇంకో ట్యాబ్ తెరిచి షాపు పేరు, కూపన్ అని వెతుకుతారు. ఏదో కూపన్ సైట్‌లో ఆ అమ్మాయి కోడ్ దొరుకుతుంది. చివరి క్లిక్కు ఆ సైట్‌ది, కోడ్ ఆ అమ్మాయిది, కొనాలన్న నిర్ణయం ఇద్దరికంటే ముందే అయిపోయింది. కమిషన్ మాత్రం ఇద్దరిలో ఒకరికి పోతుంది.

ఇక అసలు నమోదే కానివి ఉన్నాయి. రీల్ చూసి ఏదీ నొక్కకుండా పేరు గుర్తుపెట్టుకున్నవాళ్లు, కుటుంబం వాట్సాప్ గ్రూపులో వదిన పంపిన స్క్రీన్‌షాట్, ఫోన్‌లో చూసి ల్యాప్‌టాప్‌లో కొన్నవాళ్లు. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్లలో, ఇతర యాప్‌లలో మన అడుగులు గమనించాలంటే ముందు అనుమతి అడగాలని నియమం పెట్టాక ఈ కనిపించని భాగం ఇంకా పెరిగింది. ఇలాంటి కొనుగోళ్లలో చాలావరకు పట్టికలో ‘డైరెక్ట్’ అని, అంటే ఎక్కడినుంచీ రాకుండా నేరుగా వచ్చినట్టు పడతాయి.

దీనికి చిన్న షాపు చేయగలిగింది ఏమిటి? అతి చవకైనది డబ్బు కట్టాక ఒక ప్రశ్న అడగడం: ‘మా గురించి మొదట ఎక్కడ చూశారు?’ జవాబుకు ఖాళీ గడి ఇవ్వాలి. నాలుగు ఎంపికలిస్తే జనం మొదటిది నొక్కేసి వెళ్లిపోతారు. జ్ఞాపకం నమ్మదగినది కాదు. ‘ఇన్‌స్టా’ అని రాసినవాళ్లలో యూట్యూబ్ చూసినవాళ్లూ ఉంటారు. కానీ వదిన స్క్రీన్‌షాట్ బయటపడే దారి ఇదొక్కటే.

గట్టి జవాబు కావాలంటే ఈబే చేసినదే చేయాలి, కొన్నిచోట్ల ఆపి చూడాలి. చాలామంది చేసే పొరపాటు యాడ్‌ను అంతటా ఒక నెల ఆపి, ముందు నెలతో పోల్చడం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లి చీరల బేరం తగ్గుతుంది. ఆ నెలలో యాడ్ ఆపితే, తగ్గిన బేరమంతా యాడ్ లేకపోవడం వల్లే అనిపిస్తుంది. శ్రావణంలో మళ్లీ పెడితే వరలక్ష్మీ వ్రతం తెచ్చిన అమ్మకాలన్నీ యాడ్ ఖాతాలో పడతాయి. అందుకని ఒకే నెలలో కొన్ని ఊళ్లలో నడిపి, కొన్ని ఊళ్లలో ఆపాలి. పండగ రెండువైపులా ఒకేలా వస్తుంది కనుక తేడాలో కొట్టుకుపోతుంది. గూగుల్, మెటా రెండింటిలోనూ ఏ ఊళ్లో యాడ్ చూపాలో వద్దో ఎంచుకోవచ్చు. గత ఏడాది అమ్మకాలు చూసి రెండు గుంపులూ దాదాపు సమానంగా ఉండేట్టు ఊళ్లను జతచేసి, ఏ గుంపులో ఆపాలో చీటీ వేసి తేల్చాలి. బాగా అమ్ముడయ్యే ఊరు అని మనసు చెప్పినచోట నడిపితే ప్రయోగం అక్కడే చెడుతుంది. హైదరాబాద్‌లో ఉన్న అక్క గుంటూరులో చెల్లెలికి చీర పంపిస్తే ఏ ఊరి ఖాతా అన్న ప్రశ్న వస్తుంది. డెలివరీ చిరునామా కంటే డబ్బు కట్టినవారి ఊరు మేలు.

అసలు ఇబ్బంది సంఖ్య చిన్నది కావడం. ఒక్కో గుంపులో నెలకు సుమారు 100 చీరలు అమ్ముడవుతాయనుకుంటే, ఏమీ మార్చకపోయినా ఒకవైపు 90, ఇంకోవైపు 110 రావడం మామూలే. గణాంక సూత్రం ప్రకారం రెండు గుంపుల మధ్య సుమారు 28 చీరల దాకా తేడా యాదృచ్ఛికంగా రావచ్చు. అంటే అమ్మకాల్లో 28 శాతం కంటే తక్కువ తెచ్చే యాడ్ ప్రభావం ఒక నెలలో కనపడదు. నాలుగు నెలలు నడిపితే ఒక్కోవైపు 400 చీరలు, కాకతాళీయ తేడా 56 దాకా, అంటే 14 శాతం. సమయం నాలుగు రెట్లయితే చూపు రెండు రెట్లే పదునెక్కుతుంది. పెద్ద కంపెనీలకూ ఈ బాధ ఉంది. రాండాల్ లూయిస్, జస్టిన్ రావు 25 పెద్ద ప్రయోగాలను పరిశీలించి 2015లో రాసినదాని సారం ఇదే: లక్షలమందికి యాడ్ చూపించినా, లాభమా నష్టమా అన్నది ఖచ్చితంగా చెప్పడం చాలాసార్లు కష్టమే.

అయినా చిన్న షాపు ప్రయోగం వృథా పోదు. ఖచ్చితమైన అంకె చెప్పలేకపోయినా, పట్టిక చెప్పే పెద్ద అంకె నిజమో కాదో అది తేల్చగలదు. మన ఊహా షాపే నాలుగు నెలలు ఇలా చేసి చూసిందనుకుందాం. సొంత పేరు మీది గూగుల్ యాడ్ నడిచిన గుంపులో 412 చీరలు, ఆపిన గుంపులో 396. నడిచిన గుంపులో 200 చీరలు ఆ యాడ్ వల్లే అమ్ముడయ్యాయని లాస్ట్ క్లిక్ పట్టిక చెబుతోంది. అది నిజమైతే ఆపినచోట అమ్మకాలు 210 దగ్గరికి కూలిపోవాలి. 396 ఉన్నాయి. తేడా 16; కాకతాళీయమైన 56 కూడా యాడ్‌కే ఉదారంగా కలిపినా 72 దాటదు.

ఆ యాడ్‌కు నాలుగు నెలల్లో అయిన ఖర్చు 24,000 రూపాయలు అనుకుంటే, పట్టిక ప్రకారం చీరకు 120 రూపాయల ఖర్చు. 72 చీరల ఉదార లెక్కలో 333. కళ్లకు కనిపించిన 16 చీరల లెక్కలో 1,500. మూడు వేల చీర మీద షాపుకు మిగిలేది 900 అయితే, 333 దగ్గర యాడ్ ఉంచుకోవచ్చు, 1,500 దగ్గర ప్రతి చీరకూ 600 చేతినుంచి పోతున్నట్టు. షాపు పేరు వెతికితే పోటీవాళ్ల యాడ్ కనిపిస్తోందా లేదా అన్నది చూసుకుని, కనిపించని ఊళ్లలో ఆపి, కనిపించే ఊళ్లలో ఉంచి ఇంకో నాలుగు నెలలు నడపడం యజమాని ముందున్న తేలికైన దారి. రీల్స్‌కు పెట్టే డబ్బును ఇలాగే పరీక్షించాలంటే మరింత ఓపిక కావాలి. రీల్ ఊరి సరిహద్దు దగ్గర ఆగదు, ఈ నెల చూసినవాళ్లు మూడో నెలలో కొంటారు. దాన్ని యాడ్‌గా మార్చి కొన్ని ఊళ్లకే చూపించి, లెక్కను కనీసం ఆ మూడో నెల దాటేదాకా తెరిచే ఉంచాలి.